జీతం సర్టిఫికెట్ అడిగే ముందు

‘నాకు శాలరీ సర్టిఫికెట్ కావాలి’ అని ఒక్క వాక్యం రాస్తే హెచ్‌ఆర్ వారు మామూలు నమూనా ఒకటి ఇచ్చేస్తారు. వీసాకు అది చాలకపోవచ్చు.

హైదరాబాద్ ఉద్యోగి ఒకరు జర్మనీ చూసి రావాలనుకున్నారనుకుందాం. వినతిలో మొదట అవసరమేమిటో, పత్రం ఎవరి పేర రావాలో రాయాలి: ఇక్కడ జర్మన్ కాన్సులేట్. తర్వాత పేరు. మన ఆఫీసు రికార్డుల్లో ఇంటిపేరు తరచూ పొడి అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా రాయమని కోరి, నంబరూ ఇవ్వాలి. హోదా, చేరిన తేదీ, మంజూరైన సెలవు తేదీలు, తిరిగి విధుల్లో చేరే రోజు కూడా అడగాలి. తిరిగొస్తారన్న నమ్మకం కలిగించేది ఈ చివరి వివరమే.

జీతం విషయంలో స్థూల, నికర మొత్తాలు రెండూ అడగండి. నెలకు 60,000 రూపాయల్లో పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే ఖాతాలో పడేది 58,000. పత్రంలో 60,000 మాత్రమే ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పొసగక ప్రశ్నలొస్తాయి. గృహరుణానికైతే సెలవుల ఊసు అక్కర్లేదు. బ్యాంకు పేరు, కోతల వివరాలు కావాలి.

లెటర్‌హెడ్, సంతకం, ముద్రతో పాటు సంతకం చేసినవారి ఫోన్ నంబరు, ఏ తేదీలోగా కావాలో కూడా రాయండి.