అప్పజెప్పాలా, చదవాలా, అట్టముక్క చూసి చెప్పాలా?

మా మేనకోడలు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు. వాళ్ల హెడ్మాస్టరుగారి పదవీ విరమణ సభలో తను ఏడు నిమిషాలు మాట్లాడాలట. నాలుగు రోజుల ముందు నాలుగు పేజీలు రాసుకుని మా ఇంటికొచ్చింది. "మామయ్యా, దీన్ని బట్టీ పట్టమంటావా, చూసి చదివేయనా?" అని అడిగింది. పైకి చదవమన్నాను. మొదటి వాక్యం ఇది:

"ముప్పై నాలుగు సంవత్సరాల సుదీర్ఘ ఉపాధ్యాయ వృత్తి జీవితంలో ఎందరో విద్యార్థుల భవిష్యత్తును తీర్చిదిద్ది, క్రమశిక్షణకు మారుపేరుగా నిలిచి, సహోపాధ్యాయుల మన్ననలు పొంది, నేడు పదవీ విరమణ చేయుచున్న మన ప్రధానోపాధ్యాయులు గారిని గురించి నాలుగు మాటలు మాట్లాడే అవకాశం లభించడం నా అదృష్టంగా భావిస్తున్నాను."

ఆ వాక్యం చివరికి చేరేలోపు మూడుసార్లు ఊపిరి పీల్చుకుంది. అందులో తప్పేమీ లేదు. కానీ అది కంటితో చదువుకునే వాక్యం, సన్మానపత్రంలో అచ్చువేసి ఫ్రేము కట్టించే వాక్యం. దాన్ని బట్టీ పట్టడం కష్టం, పైకి చదవడం ఇంకా కష్టం, ఇక చీటీ మీద రాసుకుని చెప్పడానికైతే అసలు కుదరదు. ఎలా మాట్లాడాలో ముందు తేల్చుకుంటే ఏం రాయాలో, ఎలా రాయాలో తెలుస్తుంది. మనలో చాలామంది ముందు రాసేసి, ఆ తర్వాత ఎలా చెప్పాలా అని ఆలోచిస్తాం.

బట్టీ పట్టాలన్న కోరిక మనకు తేలిగ్గా పుడుతుంది. అవధానం చూసి పెరిగినవాళ్లం. చివర్లో అవధాని పూరణలన్నీ ధారణ చేసి వరుసగా అప్పజెబుతుంటే సభంతా ఊపిరి బిగబట్టి వింటుంది. కానీ అక్కడ పద్యం అవధానికి తోడుంటుంది. ఒక మాట జారితే గణం కుంటుతుంది, యతి తప్పుతుంది, ప్రాస కుదరదు. తప్పు ఎక్కడుందో పద్యమే చెబుతుంది. వచనానికి ఆ కాపలా లేదు. వచనంలో ఒక మాట మరిచిపోతే తర్వాతి మాటకు దారి చూపేది ఏదీ ఉండదు.

ఇది పెద్ద పెద్ద వక్తలకూ జరిగింది. 1904 ఏప్రిల్ 22న బ్రిటిష్ కామన్స్ సభలో విన్‌స్టన్ చర్చిల్ మాట్లాడుతున్నాడు. అప్పటికి ఆయన వయసు 29. ప్రసంగమంతా కంఠతా పట్టి రావడం ఆయన అలవాటు. ముప్పావుగంట బాగానే సాగింది. తర్వాత ఒక వాక్యం మధ్యలో ఆగిపోయాడు. తర్వాతి మాట రాలేదు. తడుముకున్నాడు, ఎంతకీ దొరకలేదు. చివరికి విన్నందుకు సభ్యులకు కృతజ్ఞతలు చెప్పి కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ముఖ్యమైన ప్రసంగాలకు కాగితాలు లేకుండా వెళ్లలేదు. నాకు ఆసక్తిగా అనిపించేది ఆ కాగితాల తీరు. అవి పేరాలుగా ఉండేవి కావు. బైబిల్ కీర్తనల్లా ఒక్కో పదబంధాన్ని ఒక్కో వరుసలో, కాస్త జరిపి జరిపి టైపు చేయించేవాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో ఆ వరుసలు చూస్తేనే తెలిసిపోతుంది. కేంబ్రిడ్జిలో చర్చిల్ పేరు మీదున్న భాండాగారంలో ఆ పత్రాలను భద్రపరిచారు.

చూసి చదవాలంటే మనమూ అలాగే రాసుకోవాలి. తెలుగుకు దీని అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. చేశారో చేయలేదో, ఉన్నారో లేరో, అసలు సంగతి అక్కడే తేలుతుంది. చదివేవాళ్లు సరిగ్గా ఆ చోటే తర్వాతి వాక్యం కోసం తల దించుకుంటారు. అసలు మాట బల్లకు చెప్పినట్టవుతుంది. కామా దగ్గర కాగితం చూసుకోవచ్చు గానీ, క్రియ పలికేటప్పుడు మాత్రం జనాన్ని చూడాలి. అలా చూడగలగాలంటే వాక్యం చిన్నదిగా, ఒక్క చూపులో పట్టేటట్టుగా ఉండాలి. మా అమ్మాయి రాసిన ఆ పొడుగాటి వాక్యాన్ని ఇద్దరం కూర్చుని ఇలా విడగొట్టాం:

ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పారు.
అందులో పదకొండేళ్లు
మన బడిలోనే.
పొద్దున్న ఎనిమిదిన్నరకు
పిల్లలు వచ్చేసరికి
సారు గేటు దగ్గర ఉండేవారు.

"క్రమశిక్షణకు మారుపేరు" అన్న మాట కొట్టేయడానికి తను కాస్త బాధపడింది. కానీ గేటు దగ్గర నిలబడిన మనిషిని చూపిస్తే, ఆ మాట వినేవాళ్లే అనుకుంటారు.

చదివే ప్రతికి ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. పేజీలో పై మూడింట రెండు వంతుల్లోనే రాసి, కింద ఖాళీ వదలాలి. కింది దాకా రాస్తే గడ్డం ఛాతీకి ఆని గొంతు నొక్కుకుపోతుంది. కాగితానికి ఒక వైపే రాయాలి. వాక్యం ఈ పేజీలో మొదలై పై పేజీలో ముగియకూడదు. పిన్ను కొట్టకుండా నంబర్లు వేసుకుంటే, చదివిన పేజీని చప్పుడు లేకుండా పక్కకు జరపొచ్చు. సంవత్సరాన్ని 1991 అని అంకెల్లో కాకుండా "పంతొమ్మిది వందల తొంభై ఒకటి" అని నాలుక పలికే తీరులో రాసుకోవాలి. ఫోన్లో చూసి చదవడం నాకు నచ్చదు. తెర ఆరిపోతుంది, వేలు తగిలి పైకో కిందికో జరిగిపోతుంది.

కొన్ని సభల్లో మాత్రం చదవడమే సరైన పద్ధతి. మా నాన్నగారి సంస్మరణ సభలో నేను కాగితం లేకుండా మాట్లాడబోయాను. ఆయన గురించి నాకు కాగితం ఏమిటి అనుకున్నాను. రెండో వాక్యానికే గొంతు పూడుకుపోయింది. చెప్పాల్సినవన్నీ లోపలే ఉన్నాయి, ఒక్కటీ వరుసలో రాలేదు. దుఃఖం ఉన్నచోట కాగితం చేతికర్ర లాంటిది. రెండో ప్రతి పక్కవాళ్ల చేతిలో ఉంటే, మన గొంతు ఆగినచోటి నుంచి వాళ్లు అందుకుంటారు. క్షమాపణ చెప్పేటప్పుడూ, సంస్థ తరఫున ప్రకటన చేసేటప్పుడూ అంతే. ఒక్క మాట తేడా వచ్చినా అర్థం మారిపోయేచోట చదవాల్సిందే.

ఇక అట్టముక్క సంగతి. దాని మీద మాటలు ఎంచుకోవడంలోనే చాలామంది పొరపడతారు. మా అమ్మాయి మొదట రాసుకున్న మాటలు ఇవి: క్రమశిక్షణ, దయాగుణం, పరిపాలనా దక్షత. కాగితం మూసి, "దయాగుణం గురించి చెప్పు" అన్నాను. "సారు చాలా దయగల మనిషి..." అని ఆగిపోయింది. ఆ మాట వెనక బొమ్మ లేదు. "ఎందుకు దయగల మనిషంటున్నావు?" అని అడిగితే, ఒక వాన రోజు ఆరో తరగతి పాప వరండాలో ఏడుస్తూ నిలబడితే, సారు తన గొడుగు ఆ పిల్లకిచ్చి తాను తడుచుకుంటూ బస్టాండుకు వెళ్లిన సంగతి ఆపకుండా రెండు నిమిషాలు చెప్పింది. ఆ రెండు నిమిషాలకు అట్ట మీద రాయాల్సింది ఇంతే:

గేటు – ఎనిమిదిన్నర
వాన – గొడుగు – ఆరో తరగతి పాప
మార్కుల రిజిస్టరు – ఎర్ర సిరా
నా మొదటి ఇన్‌స్పెక్షన్ – "నేనున్నాగా"

సారు అన్న ఆ "నేనున్నాగా" తప్ప క్రియలు ఒక్కటీ లేవు. మొదలు, మధ్య అట్ట ఇస్తుంది, ముగింపు అప్పటికప్పుడు మన నోట్లో తయారవుతుంది. అందుకే అది మాట్లాడినట్టు వినిపిస్తుంది, అప్పజెప్పినట్టు ఉండదు. అలాగని చీటీ చూసి చెప్పడమంటే సిద్ధం కాకుండా వెళ్లడమని అనుకోకూడదు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ రాసి తెచ్చుకున్న ప్రసంగం చదువుతూ, చివరికొచ్చేసరికి కాగితం వదిలేశాడు. ఆ కల గురించి చెప్పమని గాయని మహేలియా జాక్సన్ వెనక నుంచి కేకవేసిందంటారు. ఈరోజు లోకమంతా గుర్తుపెట్టుకున్న భాగం ఆయన తెచ్చుకున్న కాగితంలో లేదు. కానీ అది ఆ క్షణాన పుట్టిందీ కాదు. రెండు నెలల ముందు డెట్రాయిట్‌లో, అంతకుముందు ఏడాది నార్త్ కరోలినాలో ఆ కల మాట ఆయన చెప్పే ఉన్నాడు. పలుమార్లు పలికిన మాట కాబట్టే పిలవగానే పలికింది.

అందుకని మా అమ్మాయి చేత గొడుగు కథను మూడు రోజుల్లో ఐదారుసార్లు చెప్పించాను. ప్రతిసారీ మాటలు వేరుగా ఉండాలని షరతు పెట్టాను. మాటలు అవే వస్తున్నాయంటే తెలియకుండానే బట్టీ పడుతున్నట్టు.

బట్టీని పూర్తిగా వదిలేయలేదు. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠతా పట్టించాను. లేవగానే కాళ్లు వణికే క్షణంలో ఆలోచించి మాట్లాడటం కష్టం. ముగింపు గట్టిగా తెలియకపోతే చెప్పిందే చెబుతూ తిరుగుతాం. అంతా కంఠతా రావాల్సిన సందర్భాలూ ఉంటాయి, వక్తృత్వ పోటీల్లో కాగితం చూడనివ్వరు మరి. అప్పుడు రాతను గొలుసుకట్టుగా మార్చుకోవాలి. ఒక పేరా ఏ మాటతో ముగిసిందో తర్వాతి పేరా దాంతో మొదలవ్వాలి. "...గేటు దగ్గర ఉండేవారు. ఆ గేటు దగ్గరే ఒక వాన రోజు..." అన్నట్టు. మన బడి పాఠాల్లోని ముక్తపదగ్రస్తమే ఇది, విడిచిన పదాన్ని మళ్లీ పట్టుకోవడం. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలంటే మొదటి నుంచి అప్పజెప్పకూడదు, మూడో పేరా నుంచి మొదలుపెట్టమని ఎవరినైనా అడగమనాలి. అక్కడి నుంచి అందుకోలేకపోతే, అది నోటికి వచ్చిందే గానీ మనసుకు ఎక్కలేదు.

చివరికి తన చేతిలో మిగిలినవి రెండు. వేదిక మీది పెద్దల పేర్లు, సారు పనిచేసిన ఊళ్లు, సంవత్సరాలు ఒక కాగితం మీద. ఇది చూసి చదవడానికే. పేరు తప్పు పలికితే ఎంత బాగా మాట్లాడినా ఆ ఒక్కటే గుర్తుంటుంది. చివరి నిమిషంలో ఎవరైనా రావచ్చు కాబట్టి మూడు వరుసలు ఖాళీ వదిలాం. రెండోది కథల అట్ట. పాత శుభలేఖ వెనక తెల్లగా ఉంటే దాన్నే కత్తిరించాం. పలచటి కాగితం చేతి వణుకును సభంతటికీ చూపిస్తుంది, అట్ట అలా ఊగదు.

సభలో తనకంటే ముందు లెక్కల మాస్టారు మాట్లాడారు. ఆయనా గొడుగు కథే చెప్పారు! కింద కూర్చున్న మా అమ్మాయి పెన్ను తీసి రెండో వరుస కొట్టేసి, దాని పక్కన ఒక్క మాట రాసుకుంది. వేదికెక్కి గేటు గురించి చెప్పి, "గొడుగు సంగతి మాస్టారు చెప్పారు కదా, మర్నాడు ఆ పాప దాన్ని తిరిగి తెచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను" అని అందుకుంది. గొడుగు మడతలో ఆ పాప వాళ్లమ్మ పెట్టి పంపిన జామకాయల గురించి చెబుతుంటే, హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారట. ఆ అట్టముక్క ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కొట్టేసిన వరుస పక్కన నీలం సిరాతో "జామకాయలు" అని రాసి ఉంది.