మిగిలిన రెండు మాత్రలతో వచ్చే చిక్కు

గొంతు నొప్పికి రాసిన అజిత్రోమైసిన్ మాత్రలు రెండు మిగిలాయి. నెల తర్వాత జ్వరం వస్తే చెయ్యి వాటి మీదికే పోతుంది. ఆ జ్వరం వైరస్ వల్ల వచ్చిందైతే మాత్రలు దండగ, పైగా విరేచనాలు పట్టుకోవచ్చు. టైఫాయిడ్ అయితేనే అసలు చిక్కు.

టైఫాయిడ్‌ను ఖాయం చేసేది బ్లడ్ కల్చర్. రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో వేసి, బ్యాక్టీరియా పెరుగుతుందేమో కొన్ని రోజులు చూస్తారు. రెండు మాత్రలు జబ్బును నయం చేయలేవు గానీ, సీసాలో ఏమీ పెరగకుండా చేయగలవు. క్రిమే దొరకనప్పుడు దాని మీద ఏ మందు పనిచేస్తుందో పరీక్షించడమూ కుదరదు. ఇక డాక్టరు అంచనాతోనే రాయాలి. ఇంట్లో మింగిన మాత్రల సంగతి దాచితే ఆ అంచనా కూడా తప్పవచ్చు.

సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. దిగింది కదా అని మానేస్తే, మన కణాల్లోనే దాక్కున్న క్రిములు బయటపడి రెండు మూడు వారాల్లో జబ్బు తిరగబెట్టవచ్చు.

అయితే ‘మధ్యలో ఆపితే క్రిములు మొండివైపోతాయి’ అనే మాట అన్ని జబ్బులకూ ఒకేలా వర్తించదు. క్షయ విషయంలో అది నిజం. అక్కడ సాధారణంగా 6 నెలలు వాడాల్సిందే. మామూలు న్యుమోనియాకైతే చాలామందికి 5 రోజులు సరిపోతాయి. అవసరానికి మించి వాడితే పేగుల్లోని బ్యాక్టీరియాలో మందుకు లొంగనివే మిగిలి పెరుగుతాయి. అందుకే తేలికపడ్డాక ఆపవచ్చా అన్నది డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి. జబ్బును బట్టి జవాబు మారుతుంది.