వార్తల్లో పదం: ఆప్టికల్ ఫ్లో

వీడియోలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య ఏ పిక్సెల్ ఎటు, ఎంత జరిగిందో లెక్కగట్టడమే ఆప్టికల్ ఫ్లో. చిన్న గడిలోని వెలుగునీడల తీరు కొత్త ఫ్రేములో ఎక్కడికి చేరిందో కంప్యూటర్ వెతుకుతుంది. 1981లో లూకస్, కనాడే చెప్పిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

నేలను చూసే డ్రోన్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తోందనుకుందాం. కిందనున్న రాయి ఫ్రేముకు 4 పిక్సెళ్లు వెనక్కి జరిగింది. ఆ ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్‌లో 2 సెంటీమీటర్ల నేల పడితే, డ్రోన్ వేగం సెకనుకు 2.4 మీటర్లు. ఎత్తు తెలియకుంటే ఈ లెక్క కుదరదు. డ్రోన్ వంగినా పిక్సెళ్లు జరుగుతాయి కాబట్టి ఆ వాటాను జైరో సాయంతో తీసేయాలి.

అసలు చిక్కు గుర్తుల్లేని నేలతోనే. గడులన్నీ ఒకేలా ఉంటే ఏది ఎటు పోయిందో తేలదు. అంగారకుడిపై నాసా హెలికాప్టర్ ఇంజెన్యూటీ కూడా నేల మీది గుర్తుల కదలికను చూస్తూనే ఎగిరేది. 2024 జనవరి 18న, 72వ ప్రయాణంలో కింద ఉన్నవన్నీ ఇసుక అలలే. పట్టుకోవడానికి తగినన్ని గుర్తులు దొరక్క వేగం అంచనా తప్పిందని, పక్కకు జారుతూ దిగడంతో రెక్కలు విరిగాయని నాసా విచారణ భావించింది. అది మళ్లీ ఎగరలేదు.