గంటకు ఎంత అడగాలి?

ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టినవాళ్లను మొదటి క్లయింటు అడిగే మొదటి ప్రశ్న ‘గంటకు ఎంత తీసుకుంటారు?’ అనే. దానికి చాలామంది పాత జీతం పట్టుకుని జవాబు చెబుతారు. నెలకు లక్ష రూపాయలు చేతికి రావాలంటే ఏడాదికి 12 లక్షలు. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకు 2,080 గంటలు. భాగిస్తే గంటకు 577 రూపాయలు వస్తుంది. కాస్త మర్యాదగా ఉంటుందని 600 అంటారు. భాగహారంలో తప్పేమీ లేదు. తప్పంతా భాగించిన అంకెలోనూ, దేంతో భాగించారో ఆ అంకెలోనూ ఉంది.

విజయవాడలో ఇంటి నుంచే పనిచేసే ఒక గ్రాఫిక్ డిజైనర్‌ని ఉదాహరణగా తీసుకుందాం. కాలేజీలకు బ్రోషర్లు, నగల దుకాణాలకు ప్రకటనలు, ఆసుపత్రులకు బోర్డులు, లోగోలు, పెళ్లి కార్డులు ఆమె పని. పన్నులు, ఖర్చులు పోగా ఏడాదికి 12 లక్షలు ఇంట్లోకి రావాలన్నది ఆమె కోరిక.

ముందు రోజుల సంగతి చూద్దాం. ఏడాదిలో 365 రోజులుంటే శని, ఆదివారాలు 104 పోతాయి. మిగిలేవి 261. సంక్రాంతికి మూడు రోజులు, ఉగాది, వినాయక చవితి, దసరా, దీపావళి, జాతీయ సెలవులు కలిపి వారం మధ్యలో వచ్చేవి 13 అనుకుందాం. ఊరికి వెళ్లడానికి, ఇంట్లో శుభకార్యాలకు 12 రోజులు. తనకో పిల్లలకో జ్వరం వస్తే 6 రోజులు. ఉద్యోగంలో ఈ సెలవులకు జీతం పడేది. ఇక్కడ పడదు. ఇవన్నీ తీసేస్తే 230 రోజులు మిగులుతాయి.

ఆ 230 రోజులూ పని ఉంటుందా? ఉండదు. కాలేజీల పని అడ్మిషన్లకు ముందు ఒక్కసారిగా మీదపడుతుంది, తర్వాత సద్దుమణుగుతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి కార్డుల పనీ ఉండదు. ఒక పని అయిపోయి ఇంకో పని ఖాయమయ్యేలోపు నాలుగైదు రోజులు ఊరికే జారిపోతాయి. నెలకు సగటున మూడు రోజులు ఖాళీ అనుకుంటే ఏడాదికి 36. చివరికి డబ్బు తెచ్చే రోజులు 194.

అసలు గండి పడేది రోజు లోపల. ఉదయం తొమ్మిదిన్నరకు ల్యాప్‌టాప్ తెరిచి సాయంత్రం ఆరింటికి మూసినంత మాత్రాన ఎనిమిది గంటల బిల్లు రాదు. కొత్త క్లయింటుతో ఫోన్లో ముప్పావుగంట మాట్లాడాలి, కొటేషన్ రాసి పంపాలి. పోయిన నెల బిల్లు ఇంకా రాలేదని వాట్సాప్‌లో గుర్తుచేయాలి. ప్రింటింగ్ ప్రెస్‌కు వెళ్లి రంగు సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, పాత ఫైళ్లు సర్దుకోవాలి. ఇవన్నీ పనే. కానీ వీటికి విడిగా ఎవరూ డబ్బివ్వరు. ఎనిమిది గంటల్లో బిల్లు వేయగలిగేది ఐదు గంటలంటే అది బాగా క్రమశిక్షణగా పనిచేసేవాళ్ల లెక్క. 194ని ఐదుతో గుణిస్తే 970 గంటలు.

2,080 ఎక్కడ, 970 ఎక్కడ? సగానికి సగం కూడా లేదు. అదే 12 లక్షలను 970తో భాగిస్తే గంటకు 1,237 రూపాయలవుతుంది. ఇంకా పైసా ఖర్చు గానీ పన్ను గానీ కలపకుండానే రేటు రెట్టింపు దాటింది.

ఇప్పుడు ఖర్చులు. ల్యాప్‌టాప్, మానిటర్ కలిపి లక్షా ఇరవై వేలు పెట్టి కొంటే నాలుగేళ్లు వస్తాయి, అంటే ఏడాదికి 30 వేలు. డిజైన్ సాఫ్ట్‌వేర్ చందా, ఫాంట్లు, ఫోటోలకు 55 వేలు. ఇంటర్నెట్, ఫోన్ 24 వేలు. పనిగదికి కరెంటు, ఇన్వర్టర్, ఏసీ 36 వేలు. ఆడిటర్ ఫీజు 15 వేలు. తిరుగుళ్లకు, నమూనా ప్రింట్లకు, చిల్లర ఖర్చులకు 20 వేలు. మొత్తం లక్షా 80 వేలు. ఇవి వృత్తి ఖర్చులు కాబట్టి పన్ను లెక్కలో ఆదాయం నుంచి తీసేయవచ్చు.

ఇవి కాక ఒకప్పుడు కంపెనీ చూసుకున్నవి రెండున్నాయి. కుటుంబానికి ఆరోగ్య బీమా 30 వేలు, పీఎఫ్‌కు బదులుగా తనే దాచుకోవలసిన మొత్తం నెలకు 7,500 చొప్పున 90 వేలు. కొత్త పన్ను విధానంలో ఈ లక్షా 20 వేలకు మినహాయింపు రాదు. పన్ను కట్టిన డబ్బులోంచే పెట్టాలి. రేటు వేసుకునేటప్పుడు చాలామంది వదిలేసేది ఈ పద్దునే. ఆ మరుపు మొదటి ఆసుపత్రి బిల్లు వచ్చేదాకా బయటపడదు. రెండు రకాల ఖర్చులూ కలిపితే 3 లక్షలు. అంటే పన్ను కాకుండా ఆమెకు కావలసినది 15 లక్షలు.

పన్ను దగ్గర చిన్న మెలిక ఉంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఆపై 8 లక్షల దాకా 5 శాతం, 12 లక్షల దాకా 10 శాతం, 16 లక్షల దాకా 15 శాతం. పన్ను వేసే ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటు వల్ల కట్టాల్సింది ఏమీ ఉండదు. ఉద్యోగులకు దొరికే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం ఫ్రీలాన్సర్లకు లేదు. 15 లక్షల వసూళ్లలోంచి వృత్తి ఖర్చులు తీసేస్తే 13 లక్షల 20 వేలు. దాని మీద పన్ను 78 వేలు, నాలుగు శాతం సెస్సుతో కలిపి 81,120.

అయితే ఈ 81,120ని 15 లక్షలకు కలిపేస్తే చాలదు. పన్ను కోసం అదనంగా సంపాదించిన డబ్బు మీదా పన్ను పడుతుంది. ఆమె ఉన్న శ్లాబులో ప్రతి అదనపు వంద రూపాయల్లో 15 రూపాయల 60 పైసలు పోతాయి, మిగిలేది 84 రూపాయల 40 పైసలు. కాబట్టి 81,120ని 0.844తో భాగించాలి. వచ్చేది సుమారు 96 వేలు. మొత్తం వసూలు కావలసింది 15 లక్షల 96 వేలు. 970తో భాగిస్తే గంటకు 1,645. గుండ్రంగా 1,650 అనుకోవచ్చు.

ఈ 1,645లో ఏ వాటా ఎంతో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పన్ను వాటా గంటకు 99 రూపాయలే. ఖర్చుల వాటా 309. మొదట అనుకున్న 577ని 1,237 చేసిన 660 రూపాయలు మాత్రం సెలవులవి, ఖాళీ రోజులవి, బిల్లు వేయలేని గంటలవి. పన్ను ఎలా తగ్గించుకోవాలా అని ఆలోచించేవాళ్లు ఎందరో. తమ గంటలు ఎటు పోతున్నాయో రాసిపెట్టుకునేవాళ్లు కొందరే. రోజుకు ఐదు గంటల బదులు నాలుగే బిల్లయితే గంటలు 776కు పడిపోతాయి, రేటు 2,050 దాటాలి. ఒక్క గంట తేడాకు నాలుగు వందల పైచిలుకు పెరుగుదల.

వృత్తిని బట్టి పన్ను మారుతుందన్నదీ గుర్తుంచుకోవాలి. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఎడిఎ సెక్షన్ కింద ఇంజనీరింగ్, ఐటీ, ఇంటీరియర్ డెకరేషన్ వంటి నిర్ణీత వృత్తులవాళ్లు వసూళ్లలో సగాన్నే ఆదాయంగా చూపవచ్చు. వసూళ్లు 50 లక్షల లోపు ఉండాలి, నగదు ఐదు శాతం దాటకపోతే 75 లక్షల దాకా కుదురుతుంది. ఇదే 16 లక్షలు ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్‌కు వస్తే 8 లక్షలే ఆదాయం, పన్ను సున్నా. ఆ జాబితాలో గ్రాఫిక్ డిజైన్ అన్న పేరు నేరుగా లేదు. అందుకే మన ఉదాహరణలో ఆమె ఖర్చులు రాసి అసలు లాభం మీదే పన్ను కడుతోంది. తన పని ఏ కోవలోకి వస్తుందో ఆడిటర్‌ను అడిగి తేల్చుకున్నాకే రేటు ఖాయం చేసుకోవడం మంచిది.

టీడీఎస్‌ను చాలామంది అదనపు పన్ను అనుకుని రేటులో కలిపేస్తారు. అది ముందుగా పట్టుకునే పన్ను మాత్రమే. వృత్తిపరమైన ఫీజు ఏడాదికి 50 వేలు దాటితే కంపెనీలు 10 శాతం పట్టుకుని మిగతాది ఇస్తాయి. ఆమె వసూళ్లలో 8 లక్షలు అలాంటి క్లయింట్లవైతే 80 వేలు ముందే కట్టినట్టు. ఇక 16 వేలు మిగులుతుంది. అది పది వేలకు పైన ఉంది కాబట్టి జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి 15 తేదీల్లోపు అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టాలి. పట్టుకున్న ప్రతి రూపాయీ తన పేరున జమైందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకోవాలి.

జీఎస్టీ వేరు. మన రెండు రాష్ట్రాల్లోనూ సేవల వార్షిక టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, అప్పుడు బిల్లు మీద 18 శాతం వేయాలి. రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ అయితే ఆ మొత్తాన్ని తన పన్నులో సర్దుకుంటుంది. పెళ్లి కార్డు వేయించుకునే ఇంటివాళ్లకు ఆ వీలు లేదు. ‘అన్నీ కలిపి 1,650కే చేసివ్వమ్మా’ అని వాళ్లంటే, ఆమె ఒప్పుకుంటే, చేతికొచ్చేది 1,398 మాత్రమే.

రేటు వేసుకున్నాక అది కరిగిపోయేది ఎక్కువగా సవరణల్లోనే. ఒక లోగోకు 12 గంటలు పడుతుందని 19,800కు ఒప్పుకుంది. మొదటి డిజైన్ చూసి యజమాని రంగు మార్చమన్నాడు. తర్వాత ఆయన అబ్బాయి అక్షరాలు మార్చమన్నాడు. చివరికి మళ్లీ మొదటిదే బాగుందన్నారు. మొత్తం 20 గంటలైంది. గంటకు 990 పడింది. ఎన్ని సవరణలు ధరలో కలిసి ఉన్నాయో, ఆపైన గంటకు ఎంతో కొటేషన్‌లోనే రాస్తే ఈ ఎనిమిది గంటల్లో కొన్నింటికైనా డబ్బు వస్తుంది. ఆన్‌లైన్ వేదికల ద్వారా పనిచేసేవాళ్లు వేదిక కమీషన్ కూడా చూసుకోవాలి. అది పది శాతమైతే 1,650కి పది శాతం కలపకూడదు, 0.9తో భాగించాలి. 1,815 కాదు, 1,833.

మరి ఊళ్లో ఎవరూ వెయ్యికి మించి ఇవ్వకపోతే? అప్పుడు ఇదే లెక్క వెనక నుంచి చేయాలి. 970 గంటలకు 9 లక్షల 70 వేలు. వృత్తి ఖర్చులు పోగా పన్ను వేసే ఆదాయం 7 లక్షల 90 వేలు, రిబేటు వల్ల పన్ను లేదు. మొత్తం 3 లక్షల ఖర్చు తీసేస్తే 6 లక్షల 70 వేలు, నెలకు సుమారు 55,800. అంటే వెయ్యి రూపాయల రేటుతో నెలకు లక్ష రాదు. నగల దుకాణాల వంటి పెద్ద క్లయింట్ల పని పెంచుకోవాలా, నెలవారీ ఒప్పందాలు కుదుర్చుకుని ఖాళీ రోజులు తగ్గించుకోవాలా, లేక 12 లక్షల కోరికను తగ్గించుకోవాలా అన్నది ఆమె తేల్చుకోవాలి.

194 రోజులు, ఐదు గంటలు అన్నవి అంచనాలే. వాటిని సరిచూడాలంటే మూడు నెలలపాటు ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో రోజూ రాసుకోవాలి. ఆ మూడు నెలల్లో బ్యాంకులో నిజంగా పడ్డ డబ్బును పట్టుకున్న టీడీఎస్‌తో కలిపి, బిల్లు వేసిన గంటలతో భాగించాలి. వచ్చిన అంకె 1,650 కంటే బాగా తక్కువగా ఉంటే సవరణలు తినేస్తున్నట్టు, లేదా బిల్లులు వసూలు కానట్టు. అంకె సరిగ్గానే ఉండి గంటలు మూడు నెలలకు 240 కూడా దాటకపోతే ఖాళీ రోజులు అనుకున్నదానికంటే ఎక్కువున్నట్టు.