అనుకోవడం, ఆలోచించడం, అనిపించడం

ఒక మనిషి తన మనసులో జరిగినదాన్ని రాసే వ్యాసంలో ఎక్కువ బరువు మోసేవి ఆలోచనకు సంబంధించిన క్రియలే. ఆత్మచింతన వ్యాసం చదివేవారికి రచయిత ఏం చేశాడన్నదానికన్నా అతని మనసు ఒక అభిప్రాయం నుంచి మరో అభిప్రాయానికి ఎలా కదిలిందన్నది ముఖ్యం. ఆ కదలికను చూపడానికి తెలుగులో అనుకొను, ఆలోచించు, అనిపించు, తోచు, తలచు, భావించు, ఊహించు వంటి మాటలున్నాయి. ఇవి పర్యాయపదాలని బడిలో నేర్పుతారు. వాక్యంలో పెట్టి చూస్తే ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదని వెంటనే తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా ఆలోచించు, అనుకొను అనే రెండింటి మధ్య ఉంది. ‘రేపు వాన పడుతుందని అనుకున్నాడు’ అన్నది తెలుగు వాక్యం. ‘రేపు వాన పడుతుందని ఆలోచించాడు’ అంటే చెవికి అడ్డుపడుతుంది. ‘ఏం చేయాలో ఆలోచించాడు’, ‘ఎవరిని అడగాలా అని ఆలోచించాడు’, ‘ఇంటి గురించి ఆలోచించాడు’ అన్నవి మాత్రం హాయిగా సాగుతాయి. అంటే ఆలోచించడానికి ముందు ఒక ప్రశ్నో ఒక విషయమో ఉండాలి. జవాబు ఇంకా దొరకలేదు, మనసు పనిలో ఉంది. అనుకోవడానికి ముందు పూర్తయిన ఒక మాట ఉంటుంది. మనసు ఒక తీర్మానానికి వచ్చింది, అది తప్పు తీర్మానమైనా సరే. కొత్తగా రాసేవారి వ్యాసాల్లోనూ అనువాదాల్లోనూ ‘అని ఆలోచించాను’ అన్న ప్రయోగం తరచుగా కనిపిస్తుంది. దాని ముందున్నది ప్రశ్న కాకపోతే అక్కడ ఉండవలసింది అనుకొను.

ఈ తేడా పుట్టుకలోనే ఉంది. అనుకొను అంటే అను ధాతువుకు కొను చేరిన రూపం. వండు, వండుకొను, చదువు, చదువుకొను అన్నట్టే, పని ఫలం చేసినవాడికే చెందుతుందని ఆ కొను చెబుతుంది. తనతో తాను ఒక మాట అనడమే అనుకోవడం. అందుకే దానికి ముందు ‘అని’ వస్తుంది. ఎవరో పలికిన మాటను ఉటంకించినట్టే మనసు పలికిన మాటను తెలుగు ఉటంకిస్తుంది. మాట్లాడడం అన్న మూలార్థం ఇంకా చెరిగిపోలేదు కూడా. ‘ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు’ అంటే ఊరంతా మాట్లాడుకుంటోందని. ‘ఇద్దరూ మాటామాటా అనుకున్నారు’ అంటే తగవు పడ్డారని. కనుక అంతరంగాన్ని రాసేవాడికి ఈ క్రియ ఒక సౌకర్యం ఇస్తుంది: మనసులోని మాటను అది పుట్టిన తీరులోనే, వాడుక భాషలోనే, ‘పోతే పోనీ అనుకున్నాను’ అని దింపవచ్చు. ‘పోయినా ఫర్వాలేదని భావించాను’ అంటే అర్థం దాదాపు అదే గానీ ఆ మాట మనసులో పలికిన గొంతు వినిపించదు.

అనుకొను కాలాన్ని బట్టి రంగు మారుస్తుంది. ‘వస్తాడనుకున్నాను’ అని ఎవరైనా అంటే, మిగతా వాక్యం వినకుండానే అతను రాలేదని తెలుగువాడికి అర్థమవుతుంది. భూతకాలంలో ఈ క్రియ తరచుగా చెదిరిన నమ్మకాన్ని సూచిస్తుంది. నిజంగానే వచ్చి ఉంటే ‘అనుకున్నట్టే వచ్చాడు’ అని విడిగా చెప్పవలసి వస్తుంది. ‘వస్తాడనుకుంటాను’ అంటే గట్టి నమ్మకం లేదు. మాట్లాడేటప్పుడు అది ఇంకా కుదించుకుపోయి ‘వాన పడేలా ఉందనుకుంటా’ అని వాక్యం చివర సందేహాన్ని తెలిపే చిన్న తోకగా మిగులుతుంది. ‘వెళ్దామనుకుంటున్నాను’ అంటే ఉద్దేశం. ‘అనుకుందాం’ అంటే వాదన కోసం ఒక స్థితిని తాత్కాలికంగా ఒప్పుకోవడం. లెక్కల మాస్టారు ‘దీన్ని ఎక్స్ అనుకుందాం’ అనేది ఆ అర్థంలోనే. నమ్మకం, సందేహం, ఉద్దేశం, ప్రతిపాదన అన్నీ ఒక్క ధాతువులో ఇమిడిపోయాయి గనుక, వ్యాసకర్త క్రియను ఎంచుకుంటే చాలదు, ఏ కాలంలో వాడుతున్నాడో కూడా చూసుకోవాలి.

వ్యతిరేకార్థంలో ఈ రెండు క్రియల దారులు పూర్తిగా విడిపోతాయి. ‘అనుకోకుండా మాట జారాను’ అంటే అది యాదృచ్ఛికం. ‘ఆలోచించకుండా మాట జారాను’ అంటే తప్పు తనదే. గతంలో చేసిన పనిని తూకం వేసే వ్యాసంలో ఈ రెండింటిలో ఏది రాయాలన్నది శైలికి సంబంధించిన ఎంపిక కానే కాదు. బాధ్యత ఎంతవరకు తీసుకుంటున్నాడో రచయిత అక్కడ తేల్చి చెబుతున్నాడు.

బాధ్యత విషయంలో తెలుగు ఇంకొక దారి కూడా చూపుతుంది. ‘నేను అనుకున్నాను’ అన్నప్పుడు నేను కర్త. ‘నాకు అనిపించింది’, ‘నాకు తోచింది’, ‘నాకు తట్టింది’ అన్నప్పుడు ఆలోచన తానుగా వచ్చింది, నేను దాన్ని అందుకున్నవాణ్ని మాత్రమే. ఆకలి వేయడం, నిద్ర పట్టడం, కోపం రావడం ఏ వాక్య నిర్మాణంలో చెబుతామో దీన్నీ అందులోనే చెబుతాం. ఈ మూడింటిలోనూ తేడాలున్నాయి. అనిపించడం అనుభూతికి దగ్గర. కారణం చెప్పలేకపోయినా ఫర్వాలేదు. తోచడంలో కొంత తెలివిడి ఉంది. ‘నాకు తోచిన సలహా’ అన్నప్పుడు అది తన శక్తి మేరకే అన్న వినయమూ ఉంది. ‘ఏమీ తోచడం లేదు’ అంటే ఆలోచన రాకపోవడమే కాదు, పొద్దుపోకపోవడం కూడా. తట్టడం ఒక్క క్షణంలో జరిగేది, ఎక్కువగా లేదనే అర్థంలో వినిపిస్తుంది: ‘అప్పుడు నాకా సంగతి తట్టలేదు.’ మంచి వ్యాసకర్తలు కొత్త ఆలోచన తలెత్తే చోట అనిపించును, దాన్ని తమదిగా ఒప్పుకునే చోట అనుకొనును వాడతారు. ప్రతి అభిప్రాయాన్నీ ‘అనిపించింది’ అంటూ పోతే, దేనికీ కట్టుబడని రచనగా తేలిపోతుంది.

పాత మాటల్లో తలచు ప్రత్యేకమైనది. ‘తానొకటి తలిస్తే దైవమొకటి తలచును’ అన్న సామెతలో అది సంకల్పం. కొను చేరి తలచుకొను అయ్యేసరికి ఎక్కువగా జ్ఞాపకానికి మారింది; పోయినవాళ్ళను తలచుకుంటాం. ‘తలచుకుంటే ఎంతపనైనా చేస్తాడు’ అన్నప్పుడు మాత్రం సంకల్పార్థం మళ్ళీ పైకి వస్తుంది. జ్ఞాపకమూ సంకల్పమూ ఒకే మాటలో ఉండడం ఆత్మకథా ధోరణి వ్యాసానికి బాగా పనికివస్తుంది. తెలంగాణలో వినిపించే సోంచాయించు ఉర్దూ, హిందీల సోచ్ నుంచి వచ్చినది. ‘సోంచాయించి చెప్పు’ అంటే తొందరపడకుండా నిదానంగా ఆలోచించి చెప్పమని. ఆ నుడి వాడే ఊరి గురించి రాసేటప్పుడు దాన్ని తీసి ఆలోచించు పెట్టడం అనవసరపు దిద్దుబాటు.

సంస్కృతం నుంచి వచ్చిన వాటిలో కొన్ని జాగ్రత్త కోరతాయి. విచారం, చింత అనేవి సంస్కృతంలో ఆలోచనకు పేర్లు. తెలుగు వాడుకలో రెండూ దుఃఖం వైపు ఒరిగాయి. హిందీలో విచార్ అంటే నేటికీ ఆలోచనే గనుక, అక్కడి వ్యాసాన్ని తెలుగు చేసేవారు ‘ఆయన చాలాసేపు విచారించాడు’ అని రాస్తే పాఠకుడికి ఆయన బాధపడ్డట్టో, ఎవరినో వాకబు చేసినట్టో కనిపిస్తుంది. పోలీసులు, న్యాయస్థానం చేసే విచారణలో పాత అర్థం నిలిచింది. అలాగే చింతన, తత్త్వచింతన అన్న నామవాచకాల్లో ఆలోచన మిగిలింది గానీ, ‘చింతిస్తున్నాం’ అన్న క్రియ పత్రికల్లో పొరపాటుకు విచారం తెలిపే మాట అయింది. మననానికి జరిగింది ఇంకో రకం మార్పు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పే క్రమంలో మొదట వినడం, తర్వాత మననం, ఆపైన నిదిధ్యాసనం వస్తాయి. అక్కడ మననమంటే విన్నదాన్ని తర్కంతో పరీక్షించడం. నేటి తెలుగులో పాత సంగతుల్ని మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకోవడానికే అది ఎక్కువగా వాడుకలో ఉంది. భావించు, పరిశీలించు, పరిగణించు అన్నవి సభలకూ కార్యాలయాలకూ అలవాటైన మాటలు. అంతరంగ వ్యాసంలో అవి అర్జీ మీద రాసిన వ్యాఖ్యలా వినిపిస్తాయి.

ఈ తేడాలు పనిలోకి దిగాక ఎలా ఉంటాయో ఒక చిన్న పేరాలో చూడవచ్చు. తండ్రి పొలం అమ్మిన సంగతిని ఒక వ్యాసకర్త మొదటి చిత్తులో ఇలా రాశాడనుకుందాం: ‘బావి ఎండిన ఏడాది నాన్న రెండెకరాలు ఎందుకు అమ్మారో చాలాసార్లు ఆలోచించాను. అప్పుల కోసం అమ్మారని అప్పట్లో ఆలోచించాను. అక్క చదువు కోసం అమ్మారని తర్వాత ఆలోచించాను. అమ్మ ఆ పొలం గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంది. అమ్మకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచిద్దాం.’ ఇందులో మొదటి వాక్యం వ్యాకరణానికి సరిపోతుంది. రెండు, మూడు వాక్యాల్లో ఉన్నవి ప్రశ్నలు కావు గనుక ఆ క్రియ అక్కడ పొసగదు. నాలుగో వాక్యం తప్పు కాదు గానీ, అమ్మ పొలం మీద లెక్కలు వేస్తున్నట్టుంది. చివరిది ప్రతిపాదన, ఆలోచన కాదు.

అదే పేరా దిద్దుకున్నాక: ‘బావి ఎండిన ఏడాది నాన్న రెండెకరాలు అమ్మేశారు. అప్పుల కోసమే అనుకున్నాను. ట్రంకుపెట్టెలో అక్క కాలేజీ ఫీజు రశీదులు కనిపించిన రోజున, కాదేమో అనిపించింది. అప్పటినుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. అమ్మ ఆ పొలాన్ని తలచుకోని పండగ లేదు. నాన్న అమ్మలేదనే అనుకుందాం. అక్క చదువు పదో తరగతితో ఆగిపోయేది.’ ఇప్పుడు ‘అనుకున్నాను’ అన్నచోటే ఆ నమ్మకం నిలవబోదని పాఠకుడికి అందింది. రశీదుల దగ్గర ఆలోచన తనంతట తాను వచ్చింది. తెగని ప్రశ్న ఒక్క చోటే ‘ఆలోచిస్తూనే ఉన్నాను’గా మిగిలింది. అమ్మది జ్ఞాపకం, చివరిది ఊహాస్థితి.

అయితే మాట మార్చడమే లక్ష్యమై పర్యాయపదాల పట్టిక ముందు పెట్టుకుంటే ఈ పని చెడుతుంది. మనసు మూడుసార్లు అదే తప్పు నమ్మకానికి తిరిగి వెళ్ళి ఉంటే, మూడుసార్లూ ‘అనుకున్నాను’ అని రాయడమే సరైనది. ఒకే మాట తిరిగి రావడం దోషం కాదు, వేర్వేరు పనులకు ఒకే మాటను కట్టబెట్టడమే దోషం.