20వ తేదీ ఎవరు చూస్తారు?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, పంపుసెట్లు హోల్‌సేల్‌గా అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. జీఎస్‌టీ, టీడీఎస్, పీఎఫ్ పనులన్నీ ఒక్క అకౌంటెంటే చూస్తాడు. 2026 దసరా సెలవుల్లో భార్యాపిల్లలతో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ చూసి రావాలని అతని కోరిక. సెలవు చీటీ చేతికి రాగానే ఫైనాన్స్ మేనేజర్ ముందు చూసేది అక్టోబరు 20వ తేదీని. అమ్మకాల మీద పన్ను కట్టి జీఎస్‌టీఆర్-3బి రిటర్న్ వేయడానికి అది ఆఖరు రోజు. ఆ ఏడాది విజయదశమీ అదే రోజు.

పండగని అడగ్గానే రెండ్రోజులు సెలవు ఇచ్చే మేనేజర్ కూడా రెండు వారాలనేసరికి తటపటాయించేది ఇందుకే. రెండ్రోజుల పని వచ్చాక చేసుకోవచ్చు. రెండు వారాల్లో మాత్రం ఆగని గడువు ఏదో ఒకటి వచ్చి పడుతుంది. ఆ రోజు పని ఎవరు చేస్తారో చీటీలోనే రాసి ఉంటే సంతకం తేలిక. లేకపోతే ‘చూద్దాంలే’ అన్న మాట దగ్గరే ఆగిపోతుంది.

అందుకని చీటీ రాసే ముందు క్యాలెండర్ దగ్గర పెట్టుకోవాలి. నెలనెలా రిటర్న్ వేసే కంపెనీలో అకౌంటెంటు నెల ఇలా నడుస్తుంది: 7న టీడీఎస్ జమ, 11న అమ్మకాల వివరాలతో జీఎస్‌టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్‌టీఆర్-3బి. 21 నుంచి మరుసటి నెల 6 వరకు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. పిల్లల బడితో పేచీ లేనివాళ్ళు ఆ రోజుల్లో సెలవు అడిగితే సగం చిక్కు అక్కడే తీరుతుంది. మన అకౌంటెంటుకి ఆ వీలు లేదు. దసరా సెలవులు దాటితే పిల్లలు బడికి వెళ్ళాలి. కాబట్టి మూడు గడువులు తాను లేనప్పుడు వస్తాయని ఒప్పుకుని, వాటికి దారి చూపించి అడగాలి.

ఇక రోజుల లెక్క. అక్టోబరు 10 శనివారం తెల్లవారుజామున విమానం. 24 శనివారం అక్కడ బయలుదేరితే 25 ఆదివారం ఇంటికి చేరతారు. ఆదివారం ఒక్కటే సెలవుండే ఆఫీసులో 10 నుంచి 24 వరకు మొత్తం 15 రోజులు. రెండు ఆదివారాలు, దసరా తీసేస్తే పని దినాలు 12. అయితే కొన్ని కంపెనీల్లో సెలవు మధ్యలో వచ్చే ఆదివారాలు, పండగలు కూడా సెలవు కిందికే వస్తాయి. అప్పుడు ఖాతాలోంచి 15 రోజులు పోతాయి. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం 12 నెలల్లో 240 రోజులు పనిచేసినవారికి తర్వాతి ఏడాదిలో వచ్చే వేతన సెలవు 15 రోజులే. అంటే ఈ ఒక్క ప్రయాణంతో ఏడాది కోటా ఖాళీ. పాత సెలవులు ఎన్ని మిగిలాయో, ఆదివారాలను ఎలా లెక్కేస్తారో హెచ్ఆర్‌ని ముందే అడిగి, ఆ అంకెనే చీటీలో వేయాలి. లేకపోతే తిరిగొచ్చాక జీతంలో మూడు రోజులు కోత పడితే గానీ సంగతి తెలియదు.

యూరప్ ప్రయాణానికి ఈ చీటీ ఇంకో పని కూడా చేస్తుంది. ఉద్యోగస్తులు షెంజెన్ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవు మంజూరు చేశామని కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇచ్చిన పత్రం జతచేయాలి. ఆ పత్రంలోని తేదీలు, విమానం బుకింగ్, ప్రయాణ బీమా ఒకదానితో ఒకటి పొసగాలి. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 రోజుల దాకా పడుతుంది. అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే సమయం వేరు. అక్టోబరు ప్రయాణానికి జూలై మొదటి వారంలోనే చీటీ పెడితే ఆగస్టులో వీసా పని నింపాదిగా అవుతుంది. అప్పటిదాకా డబ్బు తిరిగిరాని టికెట్లు కొనకూడదు. సెలవు వాయిదా వేయమనే అధికారం మేనేజర్‌కి ఉంటుంది. ‘టికెట్లు బుక్ అయిపోయాయి సార్’ అని మొదలుపెడితే అడిగినట్టుండదు, చెప్పేసినట్టుంటుంది.

చీటీ ఒక పేజీ దాటనక్కర్లేదు. మన అకౌంటెంటు ఇలా రాయవచ్చు:

గౌరవనీయులైన ఫైనాన్స్ మేనేజర్ గారికి,

విషయం: 10-10-2026 నుంచి 24-10-2026 వరకు ఆర్జిత సెలవు గురించి.

అయ్యా,

దసరా సెలవుల్లో కుటుంబంతో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ వెళ్ళాలనుకుంటున్నాను. అక్టోబరు 10 శనివారం నుంచి 24 శనివారం వరకు సెలవు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఆదివారాలు, దసరా పోగా ఇవి 12 పని దినాలు. 9వ తేదీ సాయంత్రం వరకు డ్యూటీలో ఉంటాను. 25న హైదరాబాద్ చేరుకుని, 26 సోమవారం ఉదయం ఆఫీసుకు వస్తాను.

టీడీఎస్ జమ, జీఎస్‌టీఆర్-1 నేను వెళ్ళేలోపే పూర్తిచేస్తాను. పీఎఫ్, ఈఎస్‌ఐ, జీఎస్‌టీఆర్-3బి పనులను అసిస్టెంట్ అకౌంటెంట్ చూస్తారు. ఆయనతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. తేదీలవారీ పట్టిక జతచేశాను.

19వ తేదీ సాయంత్రం 6.30కి రిటర్న్ లెక్కలు సరిచూడటానికి ఫోన్‌లో అందుబాటులో ఉంటాను. మిగతా రోజుల్లో అత్యవసరమైతే వాట్సాప్‌లో మెసేజ్ పెడితే ఆ రాత్రికి జవాబిస్తాను.

వీసా కోసం కంపెనీ లెటర్‌హెడ్ మీద సెలవు మంజూరు పత్రం అవసరం. మీ అనుమతి రాగానే హెచ్ఆర్‌ను అడుగుతాను. తేదీలు మార్చవలసి వస్తే ఈ వారంలో తెలియజేయగలరు. టికెట్లు ఇంకా కొనలేదు.

ఇట్లు,
మీ విధేయుడు

ఇందులో ‘ఎప్పుడైనా ఫోన్ చేయండి’ అన్న మాట లేదు. అలా రాస్తే అది సెలవు కాదు. పైగా రైల్లోనో కొండ మీదో ఫోన్ అందకపోతే మాట తప్పినట్టవుతుంది. అక్టోబరు మూడోవారంలో అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ సాయంత్రం 6.30 అంటే అక్కడ మధ్యాహ్నం 3 గంటలు. గడువుకు ఒక రోజు ముందు, ఇద్దరూ మేలుకుని ఉండే వేళ ఒక్కటి ఖాయం చేస్తే అందరికీ నిశ్చింత.

జతచేసిన పట్టిక ఇలా ఉండాలి:

అక్టోబరు 7: టీడీఎస్ జమ, నేను.
అక్టోబరు 9: జీఎస్‌టీఆర్-1, నేను. గడువు 11 ఆదివారం.
అక్టోబరు 14: పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు, అసిస్టెంట్. గడువు 15.
అక్టోబరు 15, 16: జీఎస్‌టీఆర్-2బితో కొనుగోళ్ళ పుస్తకం సరిపోల్చడం, అసిస్టెంట్.
అక్టోబరు 17: పన్ను మొత్తానికి మేనేజర్ ఆమోదం, చలాన్ కట్టడం.
అక్టోబరు 19: జీఎస్‌టీఆర్-3బి దాఖలు, అసిస్టెంట్. సంతకం డైరెక్టర్ గారిది. గడువు 20, దసరా.

జీఎస్‌టీఆర్-1ని 9నే వేయడంలో ఒక మర్మం ఉంది. ఆ రిటర్న్ 11 దాటితే ఆ బిల్లులు 14న వచ్చే కొనుగోలుదారుల జీఎస్‌టీఆర్-2బిలో కనబడవు. ఇన్‌పుట్ క్రెడిట్ రాలేదని డీలర్లు వరసగా ఫోన్లు చేస్తారు, అవన్నీ మేనేజర్ టేబుల్ మీదికే వస్తాయి. 3బి ఆలస్యమైతే పన్ను కట్టాల్సిన కంపెనీకి రోజుకు 50 రూపాయల రుసుము పడుతుంది. అది చిన్నదే. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున పడే వడ్డీ మాత్రం చిన్నది కాదు. 20న ఆఫీసు మూసి ఉంటుంది కాబట్టి పట్టికలో 19నే గడువుగా పెట్టుకున్నారు.

పట్టిక ఎంత బాగా రాసినా పని ఆగేది ఓటీపీ దగ్గర. 50 వేల రూపాయలు దాటిన సరుకు గోడౌన్ నుంచి కదలాలంటే ఈ-వే బిల్లు కావాలి. ఆ పోర్టల్‌లోకి లాగిన్ అయితే ఓటీపీ నమోదైన ఫోన్‌కి వెళ్తుంది. ఆ నంబరు అకౌంటెంటుదైతే, రోమింగ్ లేని సిమ్‌తో అతను జెనీవాలో ఉంటే, రాణిగంజ్‌లో లారీ కదలదు. పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చినా లాభం లేదు. అసిస్టెంట్‌ను అతని సొంత నంబరుతో సబ్-యూజర్‌గా చేర్చాలి. బ్యాంకులోనూ ఇంతే. చెల్లింపు నమోదు చేసేవారు ఒకరు, ఆమోదించేవారు మరొకరు. నమోదు చేసే హక్కు అకౌంటెంటు ఒక్కరికే ఉంటే రెండో మనిషిని చేర్చమని బ్యాంకుకు ఫారం పెట్టాలి. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు, సెప్టెంబరు మొదట్లోనే పెట్టాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిటర్న్‌కి డిజిటల్ సంతకం కావాలి. ఆ యూఎస్‌బీ టోకెన్ చాలా ఆఫీసుల్లో అకౌంటెంటు సొరుగులోనే ఉంటుంది. 9వ తేదీ సాయంత్రం అది ఎవరి చేతికి వెళ్తుందో, దాని గడువు ఎప్పటిదాకా ఉందో రాసిపెట్టాలి. సంతకం చేయాల్సిన రోజే దాని గడువు ముగిసిందని తెలిస్తే పండగపూట కొత్తది దొరకదు.

సెలవు మంజూరైందన్న మాట నోటితో వస్తే సంతోషించి ఊరుకోకూడదు. జూలైలో ‘వెళ్ళిరా’ అన్న మేనేజర్ అక్టోబరుకి వేరే బ్రాంచికి మారిపోవచ్చు. ‘ఇందాక మీరన్నట్టు 10 నుంచి 24 వరకు సెలవు నమోదు చేస్తున్నాను’ అని అదే రోజు ఒక మెయిల్ పెట్టి, హెచ్ఆర్ రికార్డులో కూడా ఎక్కించుకోవాలి.

ఈ ఏర్పాటు పనిచేస్తుందో లేదో అక్టోబరుకి ముందే తెలుసుకునే మార్గం ఉంది. సెప్టెంబరులో వేసే రిటర్న్‌లు అసిస్టెంట్ చేతే వేయించాలి. అకౌంటెంటు పక్క కుర్చీలో కూర్చోవాలి, కీబోర్డు ముట్టుకోకూడదు. అసిస్టెంట్ ఎక్కడెక్కడ ఆగి అడిగాడో అవే పట్టికలో ఇంకా రాయాల్సిన వరసలు. ఆ సరిదిద్దిన పట్టికను మేనేజర్‌కి మళ్ళీ ఒకసారి పంపి, అసిస్టెంట్ కూడా ఆ రెండు వారాల్లో సెలవు పెట్టలేదని చూసుకోవాలి. దసరా అతనికీ పండగే. అతను 20న ఊరికి వెళ్ళాలనుకుంటే 19న సాయంత్రమే రిటర్న్ దాఖలై ఉండాలి.