నష్టశాతం - పునరుద్ధరణ శాతం: మూలధన పతన గణితం, పెట్టుబడి పరిమాణ నిర్ణయం

వ్యాససంగ్రహం:
మూలధనంలో సగం పోతే, దాన్ని తిరిగి పొందడానికి మిగిలినదానిపై నూరు శాతం లాభం రావాలి. ఈ అసమానతకు కారణమేమిటో వివరించి, ఆ గణితం ఆధారంగా ఒక్కో కొనుగోలులో ఎంత మొత్తాన్ని నష్టభయానికి గురిచేయవచ్చో నిర్ణయించే పద్ధతిని, ఆ పద్ధతికున్న పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు 2008-2010 నాటి సెన్సెక్స్ గమనాన్ని, 2009 నాటి సత్యం కంప్యూటర్స్ షేరు పతనాన్ని ఉదాహరణలుగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: డ్రాడౌన్, మూలధనం, స్టాప్‌లాస్, నష్టభయం, పెట్టుబడి పరిమాణం.

1. ఉపోద్ఘాతం:

"యాభై శాతం పోయింది, మళ్లీ యాభై శాతం వచ్చింది" అనే వాక్యం వినగానే లెక్క సరిపోయినట్లు తోస్తుంది. కాని 'శాతం' అనే మాట ఎప్పుడూ ఒంటరిగా అర్థాన్ని ఇవ్వదు. 'దేనిలో శాతం' అన్నది దానితోపాటు ఉండితీరాలి. పై వాక్యంలో మొదటి యాభైకి ఆధారం పూర్తి మూలధనం. రెండవ యాభైకి ఆధారం అందులో మిగిలిన సగం. వాక్యం ఈ ఆధారభేదాన్ని లోపించజేయడం వల్లనే భ్రమ కలుగుతున్నది. లక్ష రూపాయలు యాభై వేలై, దానిపై యాభై శాతం లాభం వస్తే అది డెబ్బై ఐదు వేలే అవుతుంది. లాభం ముందు వచ్చి నష్టం తరువాత వచ్చినా ఫలితం మారదు. లక్ష లక్షన్నరై, అందులో సగం పోగా మళ్లీ డెబ్బై ఐదు వేలే మిగులుతుంది. రెండు శాతాల సగటు సున్నా అయినా పావు భాగం నష్టం నిజం.

2. అసమానత స్వరూపం:

మూలధనం ఒక గరిష్ఠ స్థాయిని చేరిన తరువాత అక్కడినుంచి ఎంత తగ్గిందో తెలిపే శాతాన్ని 'డ్రాడౌన్' అంటారు. నష్టాన్ని d గా, తిరిగి గరిష్ఠాన్ని చేరడానికి కావలసిన లాభాన్ని g గా తీసుకుంటే, వాటి సంబంధం ఇది:

g = d / (1 − d)

పోయినదాన్ని మిగిలినదానితో భాగించడమే ఈ సూత్రం. నష్టం పెరిగేకొద్దీ లవం పెరుగుతుంది, అదే సమయంలో హారం తగ్గుతుంది. అందువల్ల కావలసిన లాభం నష్టం కన్న వేగంగా పెరుగుతుంది. 10 శాతం నష్టానికి సుమారు 11 శాతం లాభం చాలు. 20 శాతానికి 25, 50 శాతానికి 100, 75 శాతానికి 300, 90 శాతానికి 900 శాతం కావాలి. చిన్న నష్టాల దగ్గర దాదాపు కనిపించని ఈ తేడా, సగం దాటిన తరువాత అందనంత దూరమవుతుంది.

భారతీయ మార్కెట్‌లో దీనికి స్పష్టమైన దృష్టాంతం ఉన్నది. 2008 జనవరి 8న సెన్సెక్స్ సుమారు 20,873 వద్ద ముగిసింది. 2009 మార్చి 9న సుమారు 8,160 వద్ద ముగిసింది. పతనం 61 శాతం. తిరిగి పాత స్థాయికి చేరడానికి కావలసిన పెరుగుదల 156 శాతం. 2010 నవంబరు మొదటి వారంలో సూచీ మళ్లీ ఆ స్థాయిని దాటి ముగిసినప్పుడు గాని ఆ లోటు పూడలేదు. ఇది త్వరితమైన పునరుద్ధరణ. ఏటా 10 శాతం చొప్పున మాత్రమే పెరిగి ఉంటే అందుకు దాదాపు పదేళ్లు పట్టేది. పైగా సూచీ కోలుకున్నంత మాత్రాన అందులోని ప్రతి షేరూ కోలుకోదు. అప్పుతో కొన్నవాడు అడుగుస్థాయిలో బలవంతంగా అమ్ముకోవలసివస్తే, ఆ 156 శాతం పెరుగుదల అతనికి చెందదు.

3. పరిమాణ నిర్ణయం:

కోలుకోవడం ఇంత కష్టమైనప్పుడు, లోతుగా పడకుండా ఉండటమే మొదటి పని. అందుకు ప్రతి కొనుగోలులోనూ మూలధనంలో ఎంత భాగాన్ని కోల్పోవడానికి సిద్ధపడుతున్నామో ముందే నిర్ణయించుకోవాలి.

ఒక వ్యక్తి వద్ద 5,00,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఒక్కో కొనుగోలులో 1 శాతం, అంటే 5,000 రూపాయలకు మించి పోగొట్టుకోరాదన్నది అతని నియమం. 400 రూపాయల షేరును కొని, ధర 380కి పడితే అమ్మివేయాలని స్టాప్‌లాస్ పెట్టుకున్నాడు. ఒక్కో షేరుపై నష్టం 20 రూపాయలు. 5,000ను 20తో భాగిస్తే 250 షేర్లు. వాటి కొనుగోలు విలువ 1,00,000 రూపాయలు. ఇక్కడ మూలధనంలో పెట్టుబడి అయినది 20 శాతం, నష్టభయానికి గురైనది 1 శాతం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు.

ఆ 1 శాతాన్ని ఎలా నిర్ణయించాలి? నష్టాలు వరుసగా రావడం అరుదైన విషయం కాదు. గెలుపు, ఓటమి సమానంగా ఉన్న నూరు ప్రయత్నాలలో ఎక్కడో ఒకచోట వరుసగా ఆరు ఓటములు ఎదురయ్యే సంభావ్యత సగానికి మించి ఉంటుంది. గెలుపు 40 శాతమే అయితే, వరుసగా పది ఓటములు వచ్చే సంభావ్యత సుమారు 20 శాతం. కాబట్టి పది వరుస ఓటములను ప్రమాణంగా తీసుకోవడం అతిజాగ్రత్త కాదు. ప్రతిసారీ మిగిలిన మూలధనంలో 1 శాతం పోతే, పది ఓటముల తరువాత మొత్తం నష్టం 9.6 శాతం, కావలసిన లాభం 10.6 శాతం. 5 శాతం చొప్పున అయితే నష్టం 40 శాతం, కావలసిన లాభం 67 శాతం. 10 శాతం చొప్పున అయితే నష్టం 65 శాతం, కావలసిన లాభం 187 శాతం.

ఇదే లెక్కను వెనుకనుంచి కూడా చేయవచ్చు. పది వరుస ఓటములలోనూ 20 శాతానికి మించి పడరాదనుకుంటే, ఒక్కో కొనుగోలులో అనుమతించదగిన నష్టం సుమారు 2.2 శాతం. ఓటమి తరువాత ఆ భాగాన్ని మిగిలిన మొత్తంపైనే లెక్కించాలి. పోయినదాన్ని త్వరగా రాబట్టాలని పరిమాణాన్ని పెంచినవాడు, హారం తగ్గుతున్న సమయంలోనే లవాన్ని పెంచుతున్నాడన్నమాట.

4. పరిమితులు:

పై లెక్క అంతా స్టాప్‌లాస్ అనుకున్న ధరకే అమలవుతుందన్న ఊహపై నిలిచింది. 2009 జనవరి 7న హైదరాబాదు కేంద్రంగా ఉన్న సత్యం కంప్యూటర్స్‌లో లెక్కల మోసం బయటపడినప్పుడు, ఆ షేరు ఒక్కరోజులో దాదాపు 78 శాతం పడిపోయి 40 రూపాయల దరిదాపుల్లో ముగిసింది. అటువంటి రోజున కొనేవారు లేకపోతే స్టాప్‌లాస్ కాగితంపై అంకెగానే మిగులుతుంది. పై ఉదాహరణలోని లక్ష రూపాయలు అటువంటి షేరులో ఉండి, సకాలంలో అమ్మలేకపోతే, నష్టం 5,000 కాదు, 78,000. అంటే మూలధనంలో 15.6 శాతం. కనుక నష్టభయానికి ఒక హద్దు, ఒకే షేరులో పెట్టే మొత్తానికి వేరొక హద్దు, రెండూ అవసరం. రెండవ హద్దు 10 శాతమై ఉంటే నష్టం 8 శాతం లోపే ఆగేది.

మరొక పరిమితి పరస్పర సంబంధం. ఒకే రంగానికి చెందిన ఐదు బ్యాంకు షేర్లలో 1 శాతం చొప్పున నష్టభయం ఉంటే, అవి ఒకే వార్తకు కలిసి పడతాయి. అప్పుడు అది ఐదు వేర్వేరు నష్టభయాలు కాదు, దాదాపు 5 శాతపు ఒకే నష్టభయం. గతంలో ఆ షేర్లు ఒకే రోజుల్లో కలిసి పడ్డాయా అన్నది చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

5. ముగింపు:

- నష్టశాతానికీ పునరుద్ధరణ శాతానికీ ఆధారాలు వేరు. అసమానతకు మూలం ఇదే.
- సుమారు 20 శాతం వరకు ఈ భేదం భరించదగినది. 50 శాతం దాటితే పునరుద్ధరణకు మూలధనం రెట్టింపు కన్న ఎక్కువ కావాలి.
- అనుమతించదగిన గరిష్ఠ పతనాన్ని, ఊహించదగిన వరుస ఓటములను ముందు నిర్ణయించి, వాటినుంచి ఒక్కో కొనుగోలు పరిమాణాన్ని రాబట్టాలి.
- స్టాప్‌లాస్ విఫలమయ్యే రోజును దృష్టిలో పెట్టుకొని ఒక్కో షేరుకు, ఒక్కో రంగానికి విడిగా హద్దులు ఉండాలి.
- ఈ గణితం లాభాన్ని సమకూర్చదు. ఓటమి తరువాత కూడా తిరిగి ప్రయత్నించడానికి తగినంత మూలధనాన్ని మిగులుస్తుంది.